కొత్త క్లయింట్‌కి పంపే ప్రపోజల్ మెయిల్‌లో అడ్వాన్స్ ఎలా అడగాలి?

ప్రశ్న: నేను ఫ్రీలాన్స్ డిజైనర్‌ని. తెలిసినవాళ్ల ద్వారా ఒక కొత్త కంపెనీ పరిచయమైంది. 40 పేజీల ప్రొడక్ట్ కేటలాగ్ చేయాలట, ప్రపోజల్ మెయిల్ పంపమన్నారు. దాదాపు ఐదు వారాల పని. 50% అడ్వాన్స్ అడగాలని ఉంది కానీ మొదటి మెయిల్‌లోనే డబ్బు సంగతి ఎత్తితే ఏమనుకుంటారోనని టెన్షన్. చివర్లో ఇలా రాశాను: "మీకు అభ్యంతరం లేకపోతే, వీలైతే కొంత అడ్వాన్స్ (50% వరకు) ఇప్పించగలరా? దయచేసి తప్పుగా అనుకోవద్దు." ఇది చాలా? ఇంకా మర్యాదగా ఎలా రాయాలి?

సమాధానం:

మీరు రాసినదాంట్లో మర్యాదకేం లోటు లేదు, వివరాలే లేవు. ఆ మెయిల్ అందుకున్న మనిషి వైపు నుంచి ఒకసారి చదవండి. "50% వరకు" అంటే కచ్చితంగా ఎంత? ఎప్పటిలోగా ఇవ్వాలి? ఇస్తే పని ఎప్పుడు మొదలవుతుంది? ఇచ్చాక డిజైన్ నచ్చకపోతే ఆ డబ్బు సంగతేంటి? వీటిలో ఒక్కదానికీ జవాబు లేదు. పైగా "తప్పుగా అనుకోవద్దు" అని చదివేదాకా ఇందులో తప్పు పట్టాల్సింది ఉందన్న ఆలోచనే వాళ్లకు వచ్చి ఉండదు.

కాబట్టి మాటలు మెత్తబరిచే ముందు చెల్లింపు ఏయే విడతల్లో ఉండాలో తేల్చుకోండి. అది సరిగ్గా కుదిరితే అడిగే వాక్యం దానంతటదే తేలికవుతుంది.

మీ కేటలాగే తీసుకుందాం. ఐదు వారాలంటే 25 పనిదినాలు. సగం ముందు, సగం చివర అనుకుంటే, పన్నెండు రోజులు గడిచేసరికి అడ్వాన్స్ విలువైన పని అయిపోతుంది. అక్కడి నుంచి మిగతా పన్నెండు పదమూడు రోజులూ మీరు అప్పుమీద పని చేస్తున్నట్టే. క్లయింట్ వైపు చూస్తే, ముక్కూ మొహం తెలియని మనిషికి సగం డబ్బు ఇచ్చేసి, ఒక్క పేజీ కూడా చూడకుండా కూర్చోవాలి. రెండు వైపులా భయం ఉంది, ఏ వైపు భయమూ తీరలేదు.

ఇప్పుడు పనిని అది సహజంగా విడిపోయే చోట్ల విడగొట్టండి. మొదటి రెండు వారాల్లో ప్లాను, ఎనిమిది నమూనా పేజీలు. తర్వాతి రెండు వారాల్లో మిగతా 32 పేజీలు. చివరి వారం కరెక్షన్లు, ప్రింట్ ఫైళ్లు. పది రోజులు, పది రోజులు, ఐదు రోజులు. అంటే 40%, 40%, 20%. మొదటి రెండు విడతల డబ్బూ ఆ విడత పనికి ముందే వస్తుంది, చివరిది ప్రింట్ ఫైళ్లు ఇచ్చే ముందు. మీరు అడిగే అడ్వాన్స్ 50 నుంచి 40కి తగ్గింది, అయినా చివరి ఐదు రోజులు తప్ప ఏ రోజూ మీ పని డబ్బు లేకుండా నడవదు. క్లయింట్‌కి కూడా నమూనా పేజీలు కళ్లారా చూశాకే రెండో విడత ఇచ్చే వీలు దొరికింది. తక్కువ అడిగి ఎక్కువ భద్రంగా ఉండడమన్నమాట. కొత్త క్లయింట్ దగ్గర నేను సగం-సగం పద్ధతి కంటే దీన్నే ఇష్టపడతాను. సగం-సగం అనేది వారం పది రోజుల్లో తేలిపోయే చిన్న పనులకు బాగుంటుంది. అంతకంటే చిన్నదైతే మొత్తం ముందే తీసుకోవడంలో కూడా తప్పులేదు.

ఒక మినహాయింపు ఉంది. మీరు జేబులోంచి పెట్టాల్సిన ఖర్చు, అంటే కొనే ఫొటోలు, ఫాంట్ లైసెన్సు, బయట ఫొటోగ్రాఫర్‌కి ఇవ్వాల్సింది, ఈ శాతాల్లో కలపొద్దు. దాన్ని విడిగా చూపించి, పూర్తిగా ముందే తీసుకోండి. ఇతరుల బిల్లు మీ ఫీజులో కలిసిపోతే మీ అడ్వాన్స్ అంతా అక్కడికే పోతుంది.

ఇప్పుడు మెయిల్. నేనైతే ఇలా రాస్తాను:

> విషయం: 40 పేజీల కేటలాగ్ డిజైన్ – ప్రపోజల్
>
> మేడమ్, నమస్కారం.
>
> నిన్న ఫోన్‌లో అనుకున్నట్టు కేటలాగ్ పని వివరాలు పంపుతున్నాను.
>
> పని: కవరుతో కలిపి 40 పేజీల డిజైన్. ఫొటోలు, మ్యాటర్ మీరు ఇస్తారు. రెండు సార్లు కరెక్షన్లు ఈ ఫీజులోనే ఉన్నాయి.
>
> సమయం: ఐదు వారాలు. మొదటి రెండు వారాల్లో 8 నమూనా పేజీలు, తర్వాతి రెండు వారాల్లో మిగతా 32 పేజీలు, చివరి వారంలో కరెక్షన్లు, ప్రింట్ ఫైళ్లు.
>
> ఫీజు, చెల్లింపు: మొత్తం ఫీజు ______, పన్నులతో కలిపి. దీన్ని మూడు విడతలుగా తీసుకుంటాను. పని మొదలుపెట్టే ముందు అడ్వాన్స్ 40%, నమూనా పేజీలు మీరు చూశాక మిగతా పేజీలు మొదలుపెట్టే ముందు 40%, ప్రింట్ ఫైళ్లు అందించే ముందు 20%. అడ్వాన్స్ అందగానే ఈ ఐదు వారాలూ మీ పనికి కేటాయిస్తాను. 10వ తేదీలోగా అందితే 12వ తేదీ సోమవారం మొదలుపెట్టి, 23వ తేదీ శుక్రవారానికి నమూనా పేజీలు పంపుతాను.
>
> నమూనా పేజీలు నచ్చకపోతే పని అక్కడితో ఆపేయవచ్చు, మిగతా రెండు విడతలు ఇవ్వక్కర్లేదు. అడ్వాన్స్ ఇచ్చాక, పని మొదలవక ముందే మీరు విరమించుకుంటే మొత్తం తిరిగి పంపిస్తాను.
>
> ఇది మీకు సమ్మతమైతే ఈ మెయిల్‌కే జవాబుగా ఒక మాట రాయండి, అడ్వాన్స్‌కి ప్రొఫార్మా ఇన్వాయిస్ పంపిస్తాను. మీ అకౌంట్స్ వారికి నా నుంచి ఇంకేవైనా కాగితాలు కావాలంటే అవి కూడా చెప్పండి. ఈ ప్రపోజల్ 15 రోజుల వరకు వర్తిస్తుంది.
>
> ఇట్లు,
> ______

అడ్వాన్స్ మాట ఎక్కడ వచ్చిందో చూడండి. ఫీజు చెప్పిన పేరాలోనే, దాని వెంటనే. మీ డ్రాఫ్ట్‌లో అది మెయిల్ చివర, అన్నీ అయిపోయాక విడిగా వచ్చింది. అలా విడిగా పెడితే అది ధరలో భాగంగా కాకుండా అదనపు కోరికలా కనబడుతుంది. ఇంకొందరు ప్రపోజల్‌లో అసలు ఎత్తరు. క్లయింట్ ఒప్పుకున్నాక, రెండో మెయిల్‌లో అడుగుతారు. అది మరీ ఇబ్బంది. ఒక ధరకు సరే అన్న మనిషికి, ఆ తర్వాత వచ్చిన ఏ షరతైనా మాట మార్చినట్టే ఉంటుంది. మొదటి మెయిల్‌లో డబ్బు సంగతి ఎత్తితే బాగుండదేమో అని మీరు భయపడుతున్నారు కదా, నిజానికి అంతకంటే మంచి సమయం మళ్లీ రాదు. వాళ్లే ధర చెప్పమని అడిగారు.

ఒకే పేరాలో పెట్టడానికి ఇంకో కారణం కూడా ఉంది. కంపెనీల్లో మీతో మాట్లాడేవాళ్లు ఒకరు, డబ్బు విడుదల చేసేవాళ్లు ఇంకొకరు. మీ మెయిల్ అలాగే అకౌంట్స్‌కో, పై అధికారికో ఫార్వర్డ్ అవుతుంది. వాళ్లకు మీతో జరిగిన ఫోన్ సంభాషణ తెలియదు, మీ మొహమాటమూ తెలియదు. ఆ ఒక్క పేరా చదివితే ఎంత, ఎప్పుడు, దేనికి అన్నది అర్థమవాలి.

వాక్యం తీరు గురించి. "ఇప్పించగలరా?" అన్నది ప్రశ్న. ప్రశ్నకు "లేదండీ, పని అయ్యాక చూద్దాం" అన్న జవాబు కూడా సిద్ధంగా ఉంటుంది. "అడ్వాన్స్ అందగానే మీ పనికి ఐదు వారాలు కేటాయిస్తాను" అన్నప్పుడు మీరు ఏమీ అడగడం లేదు, మీ పని ఎలా నడుస్తుందో చెబుతున్నారంతే. అలాగని రెండో చివరకు పోయి "అడ్వాన్స్ తప్పనిసరిగా చెల్లించవలెను, లేనిచో పని ప్రారంభించబడదు" అని రాసేవాళ్లూ ఉన్నారు. అది గోడకు అంటించే నోటీసు. ఫోన్‌లో ఆ మనిషికి చెప్పేటప్పుడు ఎలా చెబుతారో అలాగే రాయండి. "నేను తీసుకుంటాను, మొదలుపెడతాను, పంపిస్తాను" అని మీరు చేసేవే వాక్యాల్లో ఎక్కువగా ఉంటే గొంతు దానంతటదే సౌమ్యంగా ఉంటుంది.

అడ్వాన్స్ ఎందుకో చెప్పాలా? ఒక్క వాక్యం చాలు, అదీ పనికి సంబంధించినదై ఉండాలి. పై మెయిల్‌లో "ఐదు వారాలూ మీ పనికి కేటాయిస్తాను" అన్నదే కారణం. "ఇంతకుముందు ఒక క్లయింట్ డబ్బు ఎగ్గొట్టాడు, అందుకే" అని మాత్రం రాయకండి. చదివేవాళ్లకు తమనూ ఆ గాటనే కట్టారన్న భావన వస్తుంది. ఇంటి ఖర్చులు, ఈఎంఐలు కూడా అంతే, మీ అవసరం వాళ్ల ముందు పెడితే బేరానికి దారి ఇచ్చినట్టే. "నా క్లయింట్లందరికీ ఇదే పద్ధతి" అన్న వాక్యం చాలామంది వాడతారు. నిజమైతే వాడండి, బాగా పనిచేస్తుంది. మిమ్మల్ని పరిచయం చేసిన మనిషి దగ్గరే మీరు అడ్వాన్స్ లేకుండా చేసి ఉంటే మాత్రం ఆ మాట నిమిషంలో దొరికిపోతుంది.

ఇక తిరిగి ఇచ్చే సంగతి. మెయిల్‌లో నాకు అన్నిటికంటే ముఖ్యమైన పేరా అదే. చాలామంది దాన్ని వదిలేస్తారు. కొత్త క్లయింట్ అడ్వాన్స్‌కి వెనకాడుతున్నాడంటే, డబ్బు తీసుకుని ఈ మనిషి ఫోన్ ఎత్తడం మానేస్తే ఎలా అన్నదే సాధారణంగా కారణం. "మీరు భయపడక్కర్లేదు, నన్ను నమ్మవచ్చు" అంటే ఆ భయం పోదు. ఎక్కడ ఆగవచ్చో, ఆగితే ఎంత పోతుందో చెబితే పోతుంది. ఇక్కడ వాళ్లకు పోయేది గరిష్ఠంగా 40%, దానికి బదులు ఎనిమిది పేజీలు చేతిలో ఉంటాయి. మీకు ఇందులో నష్టమేమీ లేదు, ఆ పది రోజుల డబ్బు మీకు ముట్టింది. పని మొదలై నమూనా దాకా రాకముందే మధ్యలో ఆపితే ఏమిటన్నది కూడా ఆలోచించి పెట్టుకోండి. అప్పటిదాకా అయిన రోజుల లెక్క మినహాయించుకుని మిగతాది ఇచ్చేయడం అందరికీ ఒప్పుగా ఉంటుంది. మెయిల్ పొడవైపోతుందనుకుంటే దాన్ని ఒప్పంద పత్రంలో రాసుకోవచ్చు.

రెండో విడత మాటల్లో ఒక చిక్కు ఉంటుంది. "మీరు ఆమోదించాక" అని రాస్తే, వాళ్లు ఆమోదం చెప్పకుండా నెల రోజులు నాన్చవచ్చు. కావాలని కాకపోయినా, ఆ ఎనిమిది పేజీలు నలుగురు చూడాల్సి ఉంటుంది, ఒకరు సెలవులో ఉంటారు. అందుకే "చూశాక, మిగతా పేజీలు మొదలుపెట్టే ముందు" అన్నాను. వాళ్లు ఆలస్యం చేస్తే మీ పని ఆగుతుంది, డెలివరీ తేదీ అన్ని రోజులూ వెనక్కి జరుగుతుంది. మీరు ఉచితంగా ముందుకు వెళ్లరు, అంతే. చివరి 20% విషయంలో కూడా ఫైళ్లు ఇచ్చాక అనకుండా, ఇచ్చే ముందు అన్నాను. అప్పటిదాకా చూసుకోవడానికి తక్కువ రిజల్యూషన్ పీడీఎఫ్ పంపండి, ప్రింట్ ఫైళ్లు చెల్లింపు అయ్యాక.

బ్యాంకు వివరాలు ఈ మెయిల్‌లో పెట్టలేదు, గమనించారా? అవి ఇన్వాయిస్‌లో ఉండాలి, ఇన్వాయిస్ వాళ్లు సరే అన్నాక వెళ్లాలి. సరే అనకముందే ఖాతా నంబరు పంపితే తొందరపెట్టినట్టు ఉంటుంది. ఇన్వాయిస్ మీద ఉన్న పేరు, ఖాతా పేరు ఒకటే ఉండేలా చూసుకోండి. పేర్లు కలవకపోతే అకౌంట్స్ వాళ్లు అక్కడే ఆపేస్తారు. ఇన్వాయిస్ పంపే మెయిల్‌లో "నా బ్యాంకు వివరాలు మారాయని ఎప్పుడైనా మెయిల్ వస్తే, డబ్బు పంపే ముందు ఒకసారి నాకు ఫోన్ చేయండి" అని ఒక వాక్యం చేర్చండి. మెయిల్ ఖాతాలోకి చొరబడి, ఇన్వాయిస్‌లో ఖాతా నంబరు మార్చి పంపే మోసం బాగా నడుస్తోంది. ఆ వాక్యం చూసిన క్లయింట్‌కి మీరు పద్ధతి గల మనిషని కూడా అర్థమవుతుంది. వేరే దేశం క్లయింట్ అయితే బ్యాంకు ఛార్జీలు ఎవరు పెట్టుకుంటారో ముందే రాయండి, లేకపోతే అనుకున్నదాని కంటే తక్కువే మీ ఖాతాలో పడుతుంది.

మెయిల్ వెళ్లాక వచ్చే జవాబులు దాదాపు మూడు రకాలు.

మొదటిది, "సరే, మీరు పని మొదలుపెట్టండి, అడ్వాన్స్ ఈ వారంలో పంపించేస్తాం." ఇది చాలా మామూలు, చాలాసార్లు దురుద్దేశమూ ఉండదు. జవాబు ఇలా రాయండి: "చాలా సంతోషం మేడమ్. ఇన్వాయిస్ జత చేశాను. డబ్బు ఖాతాలో పడిన మరుసటి పనిదినం మొదలుపెడతాను. ఈలోగా మీ దగ్గరున్న ఫొటోలు, మ్యాటర్ పంపితే అన్నీ ఉన్నాయో లేదో చూసి పెట్టుకుంటాను." డిజైన్ ఫైలు మాత్రం తెరవొద్దు. వచ్చిన సామగ్రి సరిచూడడం అరగంట పని, దానివల్ల మీరు మొండికేసినట్టూ ఉండదు. ట్రాన్స్‌ఫర్ స్క్రీన్‌షాట్ పంపితే ధన్యవాదాలు చెప్పి, ఖాతాలో పడ్డాకే మొదలుపెట్టండి.

రెండోది, "మా కంపెనీలో అడ్వాన్స్ ఇచ్చే పద్ధతి లేదు, ఇన్వాయిస్ ఇచ్చిన 30 రోజులకు చెల్లిస్తాం." పెద్ద సంస్థల్లో ఇది నిజంగానే నియమం, మిమ్మల్ని నమ్మక కాదు. కొన్నిచోట్ల ముందు మిమ్మల్ని వెండర్‌గా నమోదు చేసుకుని, పర్చేజ్ ఆర్డర్ ఇచ్చాకే ఏ డబ్బయినా కదులుతుంది. మీతో మాట్లాడే ఆమె మార్చలేని నియమం మీద ఆమెతో వాదించి లాభం లేదు. శాతం మీద బేరమాడే బదులు మొదటి ముక్కను చిన్నది చేయండి: "అలాగైతే ముందు నాలుగు నమూనా పేజీలను విడి పనిగా చేద్దాం. ఆ ఇన్వాయిస్ చెల్లింపు అయ్యాక మిగతా 36 పేజీలు మొదలుపెడతాను." నాలుగు పేజీలంటే మీకు నాలుగైదు రోజులు. పోయినా తట్టుకోగలిగినంతే ఆ మొదటి పని ఉండాలి. వాళ్ల చెల్లింపు విధానం ఎలా ఉంటుందో కూడా ఆ చిన్న ఇన్వాయిస్‌తోనే తెలిసిపోతుంది. పర్చేజ్ ఆర్డర్ మాత్రం అంత చిన్న పనికైనా అడిగి తీసుకోండి. ఈ ఏర్పాటు మొదటి మెయిల్‌లోనే పెట్టేయకండి. అడగకముందే తగ్గితే 40% మాటకు విలువ ఉండదు.

మూడోది, అడ్వాన్స్ తగ్గించమనడం. తగ్గించవచ్చు, కానీ తగ్గిన దానికి సరిపడా మొదటి విడత పని కూడా తగ్గాలి. 20% అంటే ఐదు రోజులు, నాలుగు నమూనా పేజీలు, ఆ తర్వాత రెండో విడత. "అలాగే చేద్దాం మేడమ్, అప్పుడు విడతలు నాలుగవుతాయి" అని చెప్పి కొత్త పట్టిక పంపండి. ఫీజు మాత్రం తగ్గించకండి, వాళ్లు అడిగింది ధర గురించి కాదు. ఈ మూడింటిలో ఏదీ ఒప్పుకోక, మొత్తం పని చేశాకే ఒక్క పైసా అయినా అనే క్లయింట్ తగిలితే నేనైతే వదిలేస్తాను. నాలుగు పేజీలకే ముందుకు రాని మనిషి 40 పేజీలకు సులువుగా ఇస్తాడని నాకు నమ్మకం లేదు.

ఇంకోటి, అరుదుగా వస్తుంది కానీ తెలిసి ఉండాలి. కొత్త క్లయింట్ బేరమే ఆడకుండా, అడిగిన దానికంటే ఎక్కువ పంపి, "పొరపాటున ఎక్కువ వచ్చింది, మిగిలింది ఫలానా ప్రింటర్ ఖాతాకు పంపేయండి" అంటే ఆగండి. ఆ చెల్లింపు చెల్లని చెక్కో, దొంగిలించిన కార్డుదో అయి ఉండవచ్చు. కొన్ని రోజుల తర్వాత బ్యాంకు దాన్ని వెనక్కి తీసుకుంటుంది, మీరు పంపినది మాత్రం తిరిగి రాదు. మూడో మనిషికి ఏమీ పంపకుండా ముందు మీ బ్యాంకుతో మాట్లాడండి.

జవాబే రాకపోతే నాలుగైదు పనిదినాలు ఆగి ఒక మెయిల్ రాయండి. అందులో అడ్వాన్స్ గురించి అడగొద్దు, ప్రపోజల్ గురించి అడగండి: "12వ తేదీన మొదలుపెట్టడానికి ఆ వారాలు ఇంకా ఖాళీగానే ఉంచాను. మీ నిర్ణయం 10వ తేదీలోగా తెలిస్తే అదే తేదీకి మొదలుపెట్టగలను." 10 దాటినా చప్పుడు లేకపోతే ఆ వారాలు వేరే పనికి ఇచ్చేయండి. తర్వాత వాళ్లు తిరిగి వస్తే కొత్త తేదీతో ఇదే మెయిల్ పంపవచ్చు.

అడ్వాన్స్ పడిన రోజునే రసీదు పంపడం మరచిపోకండి. "40% అందింది, ధన్యవాదాలు. సోమవారం మొదలుపెడుతున్నాను, 23కి నమూనా పేజీలు, ఆ తర్వాత రెండో విడత ఇన్వాయిస్" అని రెండు వాక్యాలు చాలు. రెండో విడత సంగతి ఇక్కడే చెప్పేస్తే 23న దాన్ని మళ్లీ కొత్తగా ఎత్తాల్సిన పని ఉండదు.